బడ్జెట్ వివరణలో ప్రతి పద్దునూ పనికి ముడిపెట్టడం ఎలా?

ప్రశ్న: మాది ఒంగోలులో చిన్న ఎన్జీవో. కనిగిరి వైపు 20 ఊళ్ళలో తాగునీటికి ఫ్లోరైడ్ పరీక్షలు చేస్తామని గ్రాంటుకి పెట్టాం. "ఖర్చులకీ పనులకీ సంబంధం కనపడటం లేదు" అని వెనక్కి పంపారు. ప్రయాణాలు 60,000, కోఆర్డినేటర్ జీతం 1,80,000, టెస్ట్ కిట్లు అని విడివిడిగానే చూపించాం. ఇంకేం రాయాలండీ?

జవాబు:

పద్దులు విడివిడిగా ఉన్నాయండీ, కానీ ఆ అంకెలు ఎలా వచ్చాయో కాగితం మీద లేదు. ఖర్చు దగ్గర మొదలుపెట్టి దానికి కారణం వెతికితే ఎప్పుడూ ఇలాగే అవుతుంది. ముందు పనిని లెక్కపెట్టండి, ఖర్చు దాని వెనకాలే వస్తుంది.

ఊరికి 6 బోర్లు, కుళాయిలు అనుకుందాం. 20 ఊళ్ళకి 120. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి మే నెలలో ఒకసారి, జనవరిలో ఒకసారి పరీక్షిస్తే 240 శాంపిళ్ళు. పదింటికి ఒకటి రెండోసారి చూస్తే ఇంకో 24. మొత్తం 264 పరీక్షలు. కిట్టుకి 100 పరీక్షలు వస్తే 3 కిట్లు కావాలి. ఇలా రాస్తే మూడే ఎందుకని ఎవరూ అడగరు.

ల్యాబు ఖర్చుకి కారణం వేరే ఉంది, దాన్ని కూడా రాయాలి. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చనీ భారతీయ ప్రమాణం. కిట్టులో రంగు చూసి చెప్పే అంకె సరిగ్గా ఈ హద్దు దగ్గరే నమ్మకంగా ఉండదు. అందుకని అనుమానం వచ్చిన వాటిని, అయిదింట ఒకటి చొప్పున 48 శాంపిళ్ళని, ల్యాబుకి పంపుతామని రాసి రేటుకి కొటేషన్ జతచేయండి.

ఇక ప్రయాణాలు. "ఫీల్డు ప్రయాణాలకి 60,000" అన్న వాక్యం తీసేసి ఇలా రాయండి (రేట్లు ఉదాహరణకే, మీ కొటేషన్లలోవి వేసుకోండి):

"పని 2, శాంపిళ్ళ సేకరణ: రోజుకి 2 ఊళ్ళు, విడతకి 10 రోజులు, 2 విడతలకి 20 రోజులు. కారు అద్దె డీజిల్‌తో కలిపి రోజుకి 2,200 చొప్పున 44,000. పని 3, ల్యాబుకి చేర్చడం: 4 బస్సు ప్రయాణాలు, ఒక్కోటి 400 చొప్పున 1,600. పని 4, ఊళ్ళో ఫలితాలు చెప్పే సభలు: సాయంత్రం ఊరికి ఒకటి, బైకు ఖర్చు 300 చొప్పున 20 సభలకి 6,000."

మొత్తం 51,600 అయింది. మిగిలిన 8,400కి పని లేదు, కాబట్టి అది వదిలేయాల్సిందే. దాన్ని "ఇతరములు" కింద దాచితే చదివేవాళ్ళకి మొదట కనపడేది అదే.

మీ అసలు చిక్కు జీతం దగ్గర ఉందని నా అభిప్రాయం. నెలకి 15,000 చొప్పున 12 నెలలు వేశారు, కానీ శాంపిళ్ళు తీసేది రెండు నెలల్లోనే. రోజులు లెక్కవేద్దాం: బోర్ల జాబితాకి 20, శాంపిళ్ళకి 20, ల్యాబు పనికీ కంప్యూటర్లో ఎక్కించడానికీ 10, సభలకి 20, రిపోర్టుకి 10. మొత్తం 80 రోజులు. నెలకి 25 పనిదినాలంటే ఏడాదికి 300. ఈ గ్రాంటు మీద 80 రోజుల జీతమే, అంటే రోజుకి 600 చొప్పున 48,000 పడుతుంది. మిగతా రోజులు ఆ మనిషి మీ వేరే ప్రాజెక్టులో చేస్తుంటే ఆ సంగతి, అక్కడి వాటా రాయండి. అన్ని ప్రాజెక్టుల్లో కలిపి ఒకరి వాటా నూటికి నూరు దాటకూడదు, దానికి రుజువుగా టైంషీట్లు ఉండాలి. ఏడాదంతా ఈ పనికే కావాలంటే మిగిలిన 220 రోజుల్లో ఏ ఊళ్ళో ఏం చేస్తారో పనుల పట్టికలో ముందు కనపడాలి. జీతాన్ని సమర్థించడానికి వివరణలో మాత్రమే కొత్త పని పుట్టిస్తే, ప్రపోజల్లో లేని పని బడ్జెట్లో ఎక్కడిదని అడుగుతారు.

ఆఫీసు అద్దె, ఆడిట్ ఫీజు లాంటివి ఏ ఒక్క పనికీ అతకవు. వాటిని లాగి ముడిపెట్టకుండా పరిపాలన ఖర్చుల కింద విడిగా చూపండి. విదేశీ నిధులైతే ఆ నిధుల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ ఖర్చుకి హద్దు 20 శాతం.

పంపేముందు ఒక పరీక్ష చేయండి. 20 ఊళ్ళని 15 చేసి లెక్క మళ్ళీ వేయండి. శాంపిళ్ళు 180, మళ్ళీ చూసేవి 18, మొత్తం 198 పరీక్షలు కాబట్టి 2 కిట్లు చాలు. కారు విడతకి 8 రోజులు, రెండు విడతలకి 16, అంటే 35,200. సభలు 15. ఊళ్ళు తగ్గినా కదలని పద్దు ఏదైనా ఉంటే, అది పరిపాలన ఖర్చో, లేక ఇంకా ఏ పనికీ ముడిపడనిదో తేల్చుకుని వివరణలో ఆ వాక్యం తిరగరాయండి.