మిక్సీ మీద పేరొకటి, నోటీసు వెళ్ళాల్సిన పేరొకటి

ప్రశ్న: పెరంబూర్‌లో ఒక షాపులో 4,200 రూపాయలు పెట్టి పేరున్న బ్రాండు మిక్సీ కొన్నాను. తొమ్మిది నెలలకే మోటారు కాలిపోయింది. వారంటీ ఉన్నా సర్వీసు సెంటరు వాళ్ళు తిప్పుకుంటున్నారు. ఆ బ్రాండును ఢిల్లీ కంపెనీ ఏదో కొనేసిందని విని, వాళ్ళకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపాను. "ఆ మిక్సీ మేం తయారు చెయ్యలేదు, అమ్మలేదు" అని జవాబొచ్చింది. అసలు యజమాని ఎవరో ఎలా తెలుస్తుంది? కేసు ఎవరి మీద వెయ్యాలి?
– ఒక గృహిణి, చెన్నై

జవాబు: ఆ జవాబు మీకు తప్పించుకునే మాటలా అనిపించి ఉంటుంది గానీ, చట్టం ప్రకారం అందులో పెద్ద తప్పు లేదు. మాతృసంస్థ అంటే చాలాసార్లు పిల్ల కంపెనీలో ఎక్కువ వాటాలున్న వాటాదారు, అంతే. చట్టం దృష్టిలో పిల్ల కంపెనీ వేరే వ్యక్తి. కొడుకు చేసిన అప్పుకు తండ్రి ఇంటికి నోటీసు అంటించినట్టుంటుంది.

మీ మిక్సీ సంగతి కాదు గానీ, చెన్నైలో అందరికీ తెలిసిన పేరొకటి తీసుకుందాం. మాయా అప్లయెన్సెస్ పెంచిన ప్రీతిని 2011లో ఫిలిప్స్ కొన్నది. ఆ ఫిలిప్సే 2021లో తన గృహోపకరణాల వ్యాపారాన్ని హిల్‌హౌస్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మేసింది. ఆ వ్యాపారానికి ఇప్పుడు వెర్సునీ అని పేరు. ఇన్ని చేతులు మారినా డబ్బా మీద ప్రీతి పేరు అలాగే ఉంది. ఏదో పాత వార్త చదివి నోటీసు పంపితే ఎక్కడికి పోతుందో చూడండి.

కాబట్టి ముందు ఇంట్లో డబ్బా వెతకండి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, ఫిర్యాదులకు సంప్రదించాల్సిన వారి ఫోను, ఈమెయిలు దాని మీద ఉండి తీరాలి. బ్రాండు పేరు అరచేయంత ఉంటే ఇవి చీమతలకాయంత ఉంటాయి. ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి. చాలా డబ్బాల మీద "తయారీ" అని ఒక కంపెనీ, "మార్కెటింగ్" అని మరొకటి కనిపిస్తాయి. డబ్బా పారేసి ఉంటే వారంటీ కార్డు, మిక్సీ అడుగున అంటించిన రేటింగ్ ప్లేటు చూడండి.

పేరు దొరికాక కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ సైటు mca.gov.in లో View Company Master Data దగ్గర కొట్టండి. రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, కంపెనీ నడుస్తోందా, వేరేదానిలో విలీనమైందా, మూతపడిందా అన్నది అక్కడ తేలుతుంది. ఒక అక్షరం తేడాతో వేరే కంపెనీ తగలొచ్చు, కనుక ప్రతి కంపెనీకీ విడిగా ఉండే 21 అక్షరాల గుర్తింపు సంఖ్య, సీఐఎన్ నంబరుతో సరిచూసుకోండి. కంపెనీ తన ఉత్తరాల మీద ఆ నంబరు ముద్రించాలని చట్టమే చెబుతోంది. మీకొచ్చిన ఢిల్లీ కంపెనీ జవాబు మీద కూడా వాళ్ళ నంబరు ఉండాలి, చూడండి. మాతృసంస్థ ఎవరో తెలుసుకోవాలని పట్టుదలగా ఉంటే, అదే పోర్టల్లో కొద్దిపాటి రుసుము కట్టి ఆ కంపెనీ వార్షిక రిటర్ను, అంటే ఎంజీటీ-7 చూడొచ్చు. హోల్డింగ్ కంపెనీ, అంటే మాతృసంస్థ పేరు అందులో రాస్తారు.

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో బ్రాండు పేరు వెతికితే దాని యజమాని తెలుస్తాడు, కానీ ఆ పేరు ఏ రకం సరుకుకు నమోదైందో చెప్పే క్లాసు చూడకపోతే మోసపోతారు. బెంగళూరులో ప్రెస్టీజ్ అని ఇళ్ళు కట్టేవాళ్ళు వేరు, ప్రెస్టీజ్ కుక్కర్లు అమ్మేవాళ్ళు వేరు. పైగా బ్రాండు చేతులు మారినా రిజిస్ట్రీలో పాత యజమాని పేరే కొంతకాలం ఉండిపోవచ్చు.

ఇంత వెతుకులాట ఎందుకంటే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(24) ప్రకారం ఇంకొకరు చేసిన సరుకు మీద తన మార్కు వేసుకున్నవాడు కూడా తయారీదారే. "మేం అమ్మడమే, చేసింది ఇంకెవరో" అని మార్కెటింగ్ కంపెనీ చేతులు దులుపుకోవడానికి ఇది అడ్డు. మీ ఢిల్లీ కంపెనీ కూడా, ఆ మార్కు తనదై, తనే దాన్ని మిక్సీ మీద వేయించిందని మీరు చూపగలిగితేనే ఇందులోకి వస్తుంది. ఊరికే వాటాలున్నాయంటే కుదరదు.

మీ కేసులో నేనైతే మొదటి ప్రతివాదిగా అమ్మిన షాపును, రెండోదిగా మార్కెటింగ్ కంపెనీని, మూడోదిగా తయారీ కంపెనీని పెడతాను. షాపు వాళ్ళు మొహమాటపెడతారు, పట్టించుకోకండి. బిల్లు మీది జీఎస్టీ నంబరుతో ఆ షాపు అసలు పేరు కూడా తెలుస్తుంది. బోర్డు మీద ఒక పేరు, రిజిస్ట్రేషన్లో ఇంకో పేరు ఉండడం మామూలే. ఢిల్లీ కంపెనీని ప్రస్తుతానికి వదిలేయండి. ఈ మిక్సీ కంపెనీ దానిలో విలీనమైపోయిందని పోర్టల్లో కనిపిస్తే మాత్రం బాధ్యత వాళ్ళదే అవుతుంది, అప్పుడు చేర్చండి.

ఫిర్యాదు మీరుండే చెన్నైలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేసుకోవచ్చు. ఈ ధరకు ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే పంపొచ్చు. మోటారు పోయిన రోజు నుంచి 2 ఏళ్ళ లోపు వెయ్యాలి. కాలిన మిక్సీని మాత్రం రసీదు లేకుండా సర్వీసు సెంటరులో వదిలి రాకండి.