రాత్రి పదిన్నరకు చెయ్యి ఫోన్ మీదికి ఎందుకు పోతుంది?

"నాకు 26 ఏళ్లు. నెల్లూరులో బ్యాంకులో పనిచేస్తూ లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను. ఒంగోలు అబ్బాయితో మూడేళ్లు ప్రేమలో ఉన్నాను. ఇంట్లో ఒప్పుకోవడం లేదని అతనే వద్దన్నాడు. ఏడు వారాలైంది. పగలు బాగానే ఉంటాను. రాత్రి పదిన్నర అయ్యేసరికి మెసేజ్ పెట్టకుండా ఉండలేకపోతున్నాను. టైప్ చేస్తాను, చెరిపేస్తాను. మూడుసార్లు పంపేశాను కూడా. రెండింటికి జవాబు లేదు. ఒకసారి మాత్రం 'ఎలా ఉన్నావ్, తిన్నావా' అన్నాడు. అంతా అయిపోయిందని తెలిసి కూడా ఎందుకిలా చేస్తున్నాను? నేనింత బలహీనురాలినా? వచ్చే నెల అతని పుట్టినరోజు. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది."

మీ ఆఖరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను. మీరు బలహీనురాలు కాదమ్మా. బ్యాంకులో రోజంతా డబ్బు లెక్కలు తప్పు పోకుండా చూసుకునే మనిషి రాత్రికి బలహీనురాలు ఎలా అవుతుంది? పగటికి, రాత్రికి మధ్య మారింది మీ మనోబలం కాదు, టైమ్ మాత్రమే. మూడేళ్లుగా దాదాపు ప్రతి రాత్రీ భోజనం చేసి, మంచం మీద వాలి, ఆ రోజు సంగతులన్నీ ఒక్క మనిషికే చెప్పుకున్నారు. ఆ గంట, ఆ మంచం, చేతిలో ఫోన్, ఈ మూడూ కలిస్తే అతని మాట వినబడుతుందని మీ మెదడు నేర్చుకుంది. విడిపోదామన్న నిర్ణయం ఒక్క సంభాషణలో జరిగిపోయింది కానీ, వెయ్యి రాత్రులు నేర్చుకున్నది ఒక్క మాటతో పోదు. అందుకే తెలిసి కూడా చెయ్యి అటే పోతుంది.

2010లో హెలెన్ ఫిషర్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివారు కలిసి, ప్రేమించినవాళ్లు వదిలేసిన 15 మంది యువతీయువకులకు ఆ మనిషి ఫొటో చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. అందులో చురుగ్గా కనిపించినవి బాధకు సంబంధించిన భాగాలు మాత్రమే కాదు. కావాలి, ఇంకా కావాలి అనే తపన పుట్టించే భాగాలు కూడా గట్టిగా పనిచేస్తున్నాయి. కొకెయిన్‌కు అలవాటుపడినవాళ్లు దానికోసం అల్లాడేటప్పుడు పనిచేసే చోట్లు కూడా వాటిలో ఉన్నాయి. "అయిపోయింది కదా, ఇక మర్చిపో" అని స్నేహితులు ఎన్నిసార్లు చెప్పినా ఆ తపన దగ్గర మాట చెల్లకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆ ఒక్క జవాబు సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. పావురాల మీద ప్రయోగాలు చేసిన బి.ఎఫ్. స్కిన్నర్ దగ్గర మీటను ముక్కుతో కొట్టినప్పుడల్లా గింజ దొరికే పావురాలు ఉండేవి, ఎప్పుడో ఒకసారి మాత్రమే దొరికేవీ ఉండేవి. గింజలు పూర్తిగా ఆపేశాక మొదటి రకం పావురాలు తొందరగానే మానుకున్నాయి. రెండో రకం మాత్రం చాలాసేపు కొడుతూనే ఉన్నాయి. ఎప్పుడు దొరుకుతుందో తెలియనిదాన్ని వదులుకోవడం అంత కష్టం. మీ మూడు మెసేజుల్లో ఒకదానికి జవాబు వచ్చింది, అదీ ఒకప్పుడు రోజూ అడిగిన "తిన్నావా" అన్న మాటతోనే. అతను మంచితనంతోనే అడిగి ఉంటాడు, నేనతన్ని తప్పు పట్టను. కానీ ఆ మాట మీకు ఓదార్పు కంటే "ఈసారి కూడా పలుకుతాడేమో" అన్న ఆశనే ఎక్కువ ఇచ్చింది. ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ జవాబు వచ్చాక ఒకటి రెండు రోజులు తేలిగ్గా ఉండి, తర్వాతి రాత్రులు మునుపటికంటే బరువెక్కాయా? చాలామందికి అలాగే జరుగుతుంది. డేవిడ్ స్బారా, రాబర్ట్ ఎమరీ 2005లో ప్రచురించిన పరిశోధనలో, కొత్తగా విడిపోయిన కాలేజీ యువతతో నాలుగు వారాల పాటు రోజూ తమ మనసు ఎలా ఉందో రాయించారు. పాత మనిషితో మాటలు సాగుతున్నవాళ్లలో ప్రేమా దుఃఖమూ రెండూ మిగతావాళ్లలో కంటే నెమ్మదిగా తగ్గాయి.

ఇంకొకటి కూడా తెలిసి ఉండాలి. జవాబులు ఆగిపోయిన కొత్తలో తపన తగ్గడానికి ముందు కొన్నాళ్లు పెరుగుతుంది. స్విచ్ వేస్తే లైటు వెలగకపోతే మనం వెంటనే ఊరుకుంటామా? నాలుగైదుసార్లు టకటకా కొట్టి చూస్తాం. అందుకని ఏడో వారంలో కూడా ఒక రాత్రి మొదటి వారంలాగే ఉంటే, ఇన్నాళ్లూ ఓర్చుకున్నదంతా వృథా అయిందని అనుకోవద్దు.

ఇక ఆ పదిన్నర దగ్గరికి వద్దాం. "ఆలోచించకూడదు, పంపకూడదు" అని మనసును గట్టిగా అదిమిపెడితే పని జరగదు. తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని చెబితే మనుషులు దాన్నే పదే పదే తలుచుకుంటారని డేనియల్ వెగ్నర్ 1987లోనే ప్రయోగం చేసి చూపించారు. దానికి బదులు, తాగుడు మానేవాళ్ల కోసం అలన్ మార్లాట్ వాడుకలోకి తెచ్చిన పద్ధతి మీకు బాగా పనికొస్తుంది. కోరికతో కొట్లాడవద్దు, దానికి లొంగవద్దు, అది లేచి పడేదాకా చూస్తూ ఉండండి అంటారాయన. మేత వేయకపోతే చాలామందిలో అది అరగంటలోపే తగ్గుముఖం పడుతుంది. మీరు ఇంతవరకూ దాని చివర చూడలేదు, ఎందుకంటే టైప్ చేయడం, చెరపడం, లాస్ట్ సీన్ చూడడం, ఇవన్నీ దానికి మేతే.

రేపు రాత్రి ఇలా చేయండి. పదింపావుకు ఫోన్ చార్జింగ్‌లో పెట్టి, మంచం మీద నుంచి చెయ్యి అందని చోట ఉంచండి. రూమ్మేట్ వైపు గూట్లో అయితే ఇంకా మంచిది. పొద్దున అలారం కోసం ఫోన్ పక్కన ఉండాలి అనుకుంటారేమో, చిన్న అలారం గడియారం కొనుక్కోండి. ఒక నోటుబుక్కు తీసుకుని, పంపాలనిపించిన మెసేజ్‌ను అతనికి రాస్తున్నట్టే, ఒక్క మాట కూడా మార్చకుండా కాగితం మీద రాయండి. పక్కన టైమ్, పంపాలన్న కోరిక పదికి ఎంత ఉందో వేయండి. పదిన్నరకు తొమ్మిది అనుకుందాం. ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ వేయండి, పదకొండింటికి ఇంకోసారి వేయండి. తొమ్మిది ఆరై, ఆరు మూడయ్యే రాత్రి మీకే కనబడుతుంది. అది కళ్లతో చూశాక మీకు ధైర్యం నేను చెప్పనక్కరలేదు.

కాగితం మీదే రాయమనడానికి కారణం ఉంది. వాట్సాప్ చాట్‌లో టైప్ చేస్తుంటే, అతను ఆ సమయానికి చాట్ తెరిచి ఉంటే `typing…` అని అక్కడ కనబడుతుంది. పంపి చెరిపేసినా, మెసేజ్ చెరిపేసిన ఆనవాలు మిగిలిపోతుంది. దానికి అతనేమనుకున్నాడో అన్న ఆలోచనతో మరో రాత్రి పోతుంది.

పొద్దున ఆ కాగితం మళ్లీ చదవండి. అసలు పని అక్కడే ఉంది. "ఈరోజు మేనేజర్ కౌంటర్ దగ్గర అందరి ముందూ అరిచాడు" అని రాశారనుకోండి. ఆ మెసేజ్‌కు కావాల్సింది వినే చెవి. అది మీ అక్కది కావచ్చు, కాలేజీ స్నేహితురాలిది కావచ్చు. ఎవరో ఒకరిని ముందే అడిగి పెట్టుకోండి: "నెల రోజులు రాత్రి పది గంటలకు పది నిమిషాలు నాతో మాట్లాడతావా?" అని. అతని గురించే మాట్లాడాలని లేదు, ఆ గంట ఖాళీగా లేకుండా ఉంటే చాలు. "నాకెందుకిలా చేశావ్" అని రాసి ఉంటే, దానికి జవాబు మీకు అందింది. ఇంట్లో ఒప్పుకోలేదన్నాడు. మీకు నచ్చకపోవచ్చు, నిజానికి ఆ జవాబు సరిపోయేది కూడా కాదు. అయినా రాత్రి పదిన్నరకు అడిగితే అంతకంటే మంచిది రాదు. ఇక "మిస్ యూ" అని మాత్రమే ఉన్న రాత్రి ఏమీ వెతకొద్దు. ఆ రాత్రి ఏడుపు వస్తే ఏడవండి. మూడేళ్ల ప్రేమకు ఏడవడం తప్పేమీ కాదు.

బ్లాక్ చేయాలా అని మీలాంటివాళ్లు చాలామంది అడుగుతుంటారు. చేయగలిగితే మంచిదే. మనసొప్పకపోతే ఆ చాట్‌ను ఆర్కైవ్ చేసి, వాట్సాప్‌లో `Settings`, `Privacy`, `Last seen and online`కి వెళ్లి `My contacts except…` దగ్గర అతని పేరు పెట్టండి. `Online` కింద `Same as last seen` ఎంచుకోండి. అప్పుడు మీరెప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారో అతనికి తెలియదు, అతనెప్పుడున్నాడో మీకూ కనబడదు. అతని స్టేటస్ మ్యూట్ చేయండి, ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా అంతే. మీరు మెసేజ్ పెట్టకపోయినా, రోజూ అతని పేజీ తిప్పిచూస్తుంటే గాయం పచ్చిగానే ఉంటుంది. అతని దగ్గర మీ సర్టిఫికెట్లో, డబ్బో ఉంటే మాత్రం అడగాల్సిందే. అది పగటిపూట, రెండు వాక్యాల్లో, వీలైతే ఇద్దరికీ తెలిసిన స్నేహితుడి ద్వారా అడగండి.

ఇంత చేసినా ఒకరోజు పంపేస్తారేమో. పంపితే, దాన్ని సర్దడానికి రెండోది పంపకండి. ఏ రోజు, ఏ గంట, అంతకుముందు ఏం జరిగిందో నోటుబుక్కులో రాయండి. బస్టాండులో ఒంగోలు బోర్డు కనబడిన సాయంత్రమో, మీరిద్దరూ వెళ్లిన మైపాడు బీచ్‌కి కొలీగ్స్ తీసుకెళ్లిన ఆదివారమో అయి ఉంటుంది. అలాంటి రోజులు ముందే తెలిస్తే ఆ రాత్రి అక్కతో ఎక్కువసేపు మాట్లాడవచ్చు.

తిండి, నిద్ర రెండు వారాలకు పైగా దెబ్బతిన్నా, పగలు పని మీద మనసు నిలవకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా 14416కి ఫోన్ చేయండి. ఇది ప్రభుత్వ టెలీ మానస్ లైన్, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు.

పుట్టినరోజు గురించి. ఆ రోజు శుభాకాంక్షలు చెప్పకపోతే మర్యాద కాదేమో అనిపిస్తుంది. చెప్పనక్కరలేదు. "థాంక్యూ" అనే ఒక్క మాట కోసం మీరు అర్ధరాత్రి దాకా ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఆ తారీఖు ముందే చూసుకుని, వీలైతే సెలవు పెట్టి ముందురోజు సాయంత్రమే మీ ఊరికి వెళ్లండి. రాత్రి పన్నెండింటికి మీ ఫోన్ అమ్మ గదిలో ఉండాలి. ఒకవేళ ఆ మధ్యలో అతనే ఏదైనా పంపితే వెంటనే జవాబివ్వకండి. మర్నాడు పగలు, కాగితం మీద రాసి చూసుకుని, మీ అక్కకు చదివి వినిపించాకే ఇవ్వాలా వద్దా తేల్చుకోండి.