ఖాళీగా కనిపించే పది లక్షల వరుసలే ఫైలు బరువు

ప్రశ్న: నా ఎక్సెల్ ఫైలులో మూడు వేల వరుసలకు మించి సమాచారం లేదు. అయినా సైజు 30 ఎంబీ దాటింది. తెరుచుకోవడానికే నిమిషం పైగా పడుతోంది. కింద ఉన్న ఖాళీ వరుసలన్నీ ఎంచుకుని డిలీట్ కొట్టి సేవ్ చేశాను, ఏ తేడా రాలేదు. ఏం చేయాలి?

జవాబు: కీబోర్డు మీది డిలీట్ కీ గడిలోని విలువను మాత్రమే చెరిపేస్తుంది. ఆ గడికి వేసిన గీతలు, రంగు, ఫాంటు అలాగే ఉండిపోతాయి. మీ ఫైలు బరువంతా బహుశా అక్కడే ఉంది. ముందు దాన్ని నిర్ధారించుకోండి. షీట్‌లో ఎక్కడైనా క్లిక్ చేసి `Ctrl+End` నొక్కండి. ఎక్సెల్ తాను 'వాడుకలో ఉంది' అనుకుంటున్న చివరి గడికి తీసుకెళ్తుంది. సమాచారం ముగిసిన చోట కాకుండా 1048576వ వరుసలో ఆగితే జబ్బు దొరికినట్లే. ఎక్సెల్ షీట్‌లో ఉండే మొత్తం వరుసలు అన్నే.

అక్కడ ఆగిన గడిలో ఫార్ములా ఏదైనా ఉందేమో పైన ఫార్ములా పట్టీలో ఒకసారి చూడండి. ఖాళీ విలువనిచ్చే ఫార్ములాను కింది దాకా లాగి వదిలేసిన ఫైళ్లు కూడా ఇలాగే కనిపిస్తాయి, కానీ వాటి చికిత్స వేరు. ఫార్ములా లేకపోతే మిగిలింది ఫార్మాటింగే. కంటికి ఏమీ కనబడకపోయినా నమ్మవద్దు. తెల్ల రంగు నింపిన గడి, ఏ రంగూ లేని గడి దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా ఒక్కటే: తెల్ల రంగు నింపిన చోట లేత బూడిద రంగు గళ్ల గీతలు కనిపించవు.

నాకు ఈ సమస్య ఒక సరుకు నిల్వల ఫైలులో ఎదురైంది. సమాచారం 3,412వ వరుసతో ముగుస్తుంది, ఎనిమిది కాలమ్‌లు, సైజు 24 ఎంబీ. ప్రింటుకు ఇవ్వబోతే ఇరవై వేల పైచిలుకు పేజీలు చూపించడంతో అనుమానం వచ్చింది. ఖాళీ గడులకు గీతలు గీసి ఉంటే ఎక్సెల్ వాటినీ అచ్చు వేయవలసినవిగానే లెక్కిస్తుంది. అసలు లోపల ఏముందో చూడాలని ఫైలుకు నకలు తీసి, ఆ నకలు పేరు చివర `.xlsx` తీసేసి `.zip` అని పెట్టి తెరిచాను. ఎక్సెల్ ఫైలు నిజానికి ఒక జిప్ పొట్లం. అందులో `xl/worksheets` ఫోల్డరులో ఒక్కో షీట్‌కు ఒక్కో ఫైలు ఉంటుంది. మిగతావన్నీ కొన్ని కేబీలే, ఒక్కటి మాత్రం విప్పితే 260 ఎంబీ దాకా ఉంది. దాని నిండా ఇలాంటి వరుసలే:

```
<row r="900000"><c r="A900000" s="5"/><c r="B900000" s="5"/> ...
```

విలువ ఒక్కటీ లేదు. 'ఈ గడికి అయిదో నంబరు అలంకరణ' అన్న మాటే ఎనభై మూడు లక్షల సార్లకు పైగా రాసి ఉంది. ఒకే మాట పదేపదే రావడం వల్ల జిప్‌లో బాగా కుదించుకుపోయి 24 ఎంబీగా కనిపిస్తోంది. తెరిచేటప్పుడు మాత్రం అంతా విప్పి చదవాలి, సేవ్ చేసేటప్పుడు అంతా మళ్లీ రాయాలి. నిదానం అక్కడి నుంచే వస్తుంది.

ఇది ఎలా జరిగిందో కూడా తేలింది. ఎవరో శీర్షిక వరుసను వదిలి రెండో వరుస నుంచి `Ctrl+Shift+↓` నొక్కి గీతలు గీశారు. విలువలు నిండిన కాలమ్‌లో ఆ కీ చివరి విలువ దగ్గర ఆగుతుంది. ఖాళీ కాలమ్‌లో నేరుగా షీట్ అడుగుకు పోతుంది. మా ఫైలులో వ్యాఖ్యల కాలమ్ దాదాపు ఖాళీ.

ఇప్పుడు శుభ్రం చేయడం గురించి. మామూలుగా అందరూ చెప్పేది: కింది వరుసలన్నీ ఎంచుకుని, కుడి క్లిక్ చేసి, `Delete` అనమని. ఫైలు తప్పకుండా తగ్గుతుంది. నేనూ మొదట అదే చేశాను, 24 ఎంబీ కాస్తా 210 కేబీ అయింది. రెండు వారాల తరువాత మొత్తాల షీట్‌లో అంకెలు పెరగడం లేదని గమనించాను. అక్కడి ఫార్ములా ముందు ఇలా ఉండేది:

```
=SUM(Stock!F2:F1048576)
```

వరుసలను తొలగించాక అది తనంతట తానే ఇలా మారింది:

```
=SUM(Stock!F2:F3412)
```

తొలగించిన వరుసలు ఆ పరిధిలో భాగం కాబట్టి ఎక్సెల్ పరిధిని కుదించేసింది. కొత్తగా చేర్చిన సరుకు ఏదీ మొత్తంలోకి రాలేదు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, అంకె మాత్రం తప్పు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: వేరే షీట్లలోని ఫార్ములాలు ఈ షీట్‌ను చూస్తుంటే వరుసలను తొలగించకండి, ఫార్మాటింగ్‌ను మాత్రమే తీసేయండి. `F:F` అని మొత్తం కాలమ్‌ను సూచించే ఫార్ములాలకు ఈ ప్రమాదం లేదు.

పద్ధతి ఇది. ముందు ఫైలుకు నకలు తీసుకోండి. `Formulas` ట్యాబ్‌లో `Calculation Options` ను `Manual` కు మార్చండి, లేకపోతే మధ్యలో లెక్కలు అడ్డుపడి ఇంకా ఆలస్యమవుతుంది. ఫార్ములా పట్టీకి ఎడమ పక్కన గడి చిరునామా కనిపించే పెట్టెలో `3413:1048576` అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి (మొదటి అంకె మీ సమాచారం ముగిసిన వరుసకు ఒకటి ఎక్కువ). వరుసలన్నీ ఎంపికవుతాయి, మౌస్‌తో లాగే పని లేదు. తరువాత `Home` ట్యాబ్‌లో కుడివైపు `Clear`, అందులో `Clear Formats`. కొంతసేపు కదలకుండా ఉండిపోవచ్చు, మధ్యలో మూసేయకండి. సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి `Ctrl+End` నొక్కి చూడండి. సరిగ్గా ఉంటే లెక్కలను తిరిగి `Automatic` కు మార్చడం మరచిపోవద్దు.

`Clear All` కూడా పనిచేస్తుంది, కానీ కింది వరుసల్లో రాబోయే నమోదుల కోసం డ్రాప్‌డౌన్ జాబితాలు పెట్టి ఉంటే అవీ పోతాయి. `Clear Formats` వాటిని ముట్టుకోదు. అయితే ఆ వరుసల్లోని షరతుల ఫార్మాటింగ్‌ను అదీ తీసేస్తుంది. కావాలంటే దాన్ని మళ్లీ పెట్టుకోవాలి.

ఇంత చేసినా చివరి గడి కిందే ఉంటే వరుసల ఎత్తు చూడండి. ఎవరైనా చేత్తో ఎత్తు మార్చి ఉంటే ఆ వరుసలు ఇంకా వాడుకలో ఉన్నట్లే లెక్క. అవే వరుసలను ఎంచుకుని `Format` లో `AutoFit Row Height` ఇచ్చి సేవ్ చేయండి.

మళ్లీ ఇలా కాకుండా ఉండాలంటే, సమాచారంలో ఒక గడిపై క్లిక్ చేసి `Ctrl+T` తో టేబుల్‌గా మార్చుకోవడం నాకు నచ్చిన మార్గం. కొత్త వరుస చేర్చినప్పుడల్లా అలంకరణ దానంతటదే వస్తుంది. అది కుదరకపోతే పైనున్న కాలమ్ అక్షరం మీద క్లిక్ చేసి మొత్తం కాలమ్‌కే ఫార్మాట్ ఇవ్వండి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, మొత్తం కాలమ్‌కు ఇచ్చిన ఫార్మాట్‌ను ఎక్సెల్ ఫైలులో కాలమ్ పేరు మీద ఒక్కసారే రాసుకుంటుంది. రెండో వరుస నుంచి చివరి దాకా ఇస్తేనే గడి గడికీ రాస్తుంది.