మనిషా, మెషీనా అని అడిగితే ఎంత నమ్మకంతో చెప్పాలి?

ప్రశ్న: "మా పత్రికకి వచ్చే వ్యాసాలు నేను చూస్తాను. ఫలానాది మనిషి రాసిందా, ఏఐ రాసిందా అని ఎడిటర్ అడుగుతారు. డిటెక్టర్‌లో వేసి, నేనూ చదివి, 'బహుశా ఏఐ' అని రాస్తే 'అవునా, కాదా, ఒక్క ముక్కలో చెప్పు' అంటారు. శాతాలు రాస్తే తప్పించుకుంటున్నట్టు ఉండదా? మీలో ఎవరైనా ఇలాంటి రిపోర్టులు రాశారా?"

జవాబు:

రాశానండి, మొదట్లో చాలా తప్పుగా రాశాను. ఒక వ్యాసరచన పోటీకి వచ్చిన వ్యాసాల్ని చూసే పని నాకు అప్పగించారు. ఒక వ్యాసానికి డిటెక్టర్ 87 చూపించింది. చదివితే నాకూ అలాగే అనిపించింది: వాక్యాలన్నీ ఒకే పొడవు, ఎక్కడా తడబాటు లేదు. "ఇది ఏఐ రాసింది" అని ఒకే లైను రాసి పంపాను. ఆ వ్యాసం పోటీలోంచి తీసేశారు. పది రోజుల తర్వాత రాసినావిడ తన ఫైలు పాత వెర్షన్లన్నీ పంపారు. మూడు వారాలపాటు పేరా పేరా కొట్టేసి మళ్ళీ రాసిన చరిత్ర అంతా అందులో ఉంది. ఇంగ్లీషు ఆవిడ పెద్దయ్యాక నేర్చుకున్న భాష. తప్పు పోకూడదని తనకి బాగా తెలిసిన మాటలతోనే రాశారు. నా ఒక్క లైనుకి సంజాయిషీ చెప్పుకోవడానికి నాకు రెండు పేజీలు పట్టింది.

ఆ 87 అంటే ఏమిటో నాకు తెలియకపోవడం అక్కడ అసలు తప్పు. "ఇది ఏఐ రాసి ఉండే అవకాశం 87 శాతం" అని చదువుకున్నాను. కొన్ని టూల్స్‌లో ఆ అంకె వ్యాసంలో ఎంత భాగం ఏఐలా ఉందో చెబుతుంది. ఇంకొన్నింటిలో అది ప్రోగ్రామ్ లోపలి స్కోరు మాత్రమే. ఏదైనా సరే, రాసిన మనిషి ఏఐని వాడారా లేదా అన్నదానికి అది సూటిగా జవాబు కాదు. చాలా డిటెక్టర్లు చూసేది తర్వాత వచ్చే మాటని ఎంత తేలిగ్గా ఊహించవచ్చో. తెలిసిన మాటలతో జాగ్రత్తగా రాసేవాళ్ళ వాక్యాల్ని కూడా ఊహించడం తేలికే. 2023లో ఒక పరిశోధన బృందం 7 డిటెక్టర్లకి, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ పరీక్షకి రాసిన 91 వ్యాసాలు ఇచ్చి చూసింది. సగటున 61 శాతం వ్యాసాల్ని అవి ఏఐ ఖాతాలో వేశాయి. అవన్నీ మనుషులు రాసినవే.

మీ ఎడిటర్‌కి చూపించాల్సిన లెక్క ఒకటుంది. ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో ఒక డిటెక్టర్ విడుదల చేసింది. ఏఐ రాసినవాటిలో 26 శాతాన్నే అది పట్టుకుంటుందనీ, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని పొరపాటున ఏఐ అంటుందనీ వాళ్ళే చెప్పారు. ఖచ్చితత్వం తక్కువగా ఉందని అదే ఏడాది జూలైలో దాన్ని తీసేశారు. ఇప్పటి టూల్స్ అంకెలు వేరుగా ఉంటాయి. కానీ తప్పులు ఎంతో ముందే చెప్పి మరీ విడుదల చేశారు కాబట్టి ఆ అంకెలే వాడతాను.

200 వ్యాసాలు వచ్చాయనుకోండి. వాటిలో 20 ఏఐ రాసినవి, 180 మనుషులవి. ఆ 20లో 26 శాతం అంటే 5 పట్టుబడతాయి. ఆ 180లో 9 శాతం అంటే 16 పొరపాటున పట్టుబడతాయి. మొత్తం 21 వ్యాసాల మీద "ఏఐ" ముద్ర పడితే, నిజంగా ఏఐవి 5. అంటే ముద్ర పడిన వ్యాసం నిజంగా ఏఐది అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. అదే టూల్, అవే తప్పులు. ఇప్పుడు 200లో 100 ఏఐవి అనుకోండి. 26 సరిగ్గా పట్టుబడతాయి, 9 పొరపాటున. అవకాశం నాలుగింట మూడుకి పెరిగిపోతుంది. టూల్ మారలేదు, వ్యాసం మారలేదు. వచ్చిన గుంపులో ఏఐ ఎంత అన్న అంచనా ఒక్కటే మారింది.

"అవును, కాదు" అని రాసినప్పుడు ఈ అంచనా కనపడకుండా పోతుంది. మనం దాన్ని మనసులో పెట్టుకునే ఉంటాం, ఎడిటర్‌కి మాత్రం తెలియదు. ఆయన మీ రిపోర్టుని టూల్ చెప్పిన నిజం అనుకుని చదువుతారు.

కాబట్టి ఇప్పుడు నేను రెండు ముక్కలు విడివిడిగా రాస్తాను. మొదటిది, ఆధారం ఎటు మొగ్గుతోంది, ఎంత గట్టిగా. రెండోది, ఫలానా అంచనాతో మొదలుపెడితే చివరికి ఎక్కడ తేలుతుంది. మొదటిది నా పని. రెండోదానికి కావలసిన అంచనా, అంటే మామూలుగా వచ్చేవాటిలో ఏఐవి ఎన్ని ఉంటాయన్నది, నాకంటే ఎడిటర్‌కే బాగా తెలుస్తుంది. ఒక రిపోర్టు ఇలా ఉంటుంది:

"ఆధారం ఏఐ వైపు కొద్దిగా మొగ్గుతోంది. నా అంచనాలో ఇలాంటి ఆనవాళ్ళు ఏఐ రాసిన వ్యాసాల్లో, మనుషులవాటిలో కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ కనిపిస్తాయి. మీకు వచ్చే పదింటిలో ఒకటి ఏఐది అనుకుంటే, ఇది ఏఐది అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. సగం ఏఐవే అనుకుంటే, నాలుగింట మూడు. నేను చూసినవి: డిటెక్టర్ స్కోరు, పేరాల ఒకేరకం కట్టుబడి. నేను చూడనివి: డ్రాఫ్టులు, రచయిత పాత రచనలు. అసలు రచన రచయితదే అయి, భాష మాత్రం టూల్‌తో దిద్దించుకున్నా ఇలాగే కనిపిస్తుంది; ఆ రెంటినీ నేను విడదీయలేను. డ్రాఫ్టులు చూపిస్తే నా అభిప్రాయం మారుతుంది."

ఇందులో మీరు గమనించాల్సింది చివరి రెండు వాక్యాలు. "ఏఐ రాసిందా" అన్న ప్రశ్నలోనే మూడు నాలుగు ప్రశ్నలు ఇరుక్కుని ఉంటాయి: మొత్తం రాయించారా, అనువదించుకున్నారా, అక్షరదోషాలు సరిచేయించుకున్నారా. వీటిలో మీ పత్రిక ఏది ఒప్పుకుంటుందో, ఏది ఒప్పుకోదో తెలియకుండా 70 శాతం అన్నా 95 శాతం అన్నా, దేంట్లో 70 అన్నది తేలదు.

ఇంకో పొరపాటు కూడా నేనే చేశాను కాబట్టి చెబుతున్నాను. రెండు డిటెక్టర్లలో వేసి, రెండూ ఏఐ అన్నాయి కాబట్టి నమ్మకం రెట్టింపైంది అనుకునేవాణ్ణి. రెండూ చూసేది దాదాపు ఒకే లక్షణాన్ని, ఊహకి అందే తీరుని. ఒకే మనిషిని రెండుసార్లు అడిగి ఇద్దరు సాక్షులు అన్నట్టు ఉంటుంది అది. దానికంటే, వ్యాసంలో ఉదహరించిన పుస్తకం అసలు లేనేలేదని తేలితే అది వేరే జాతి ఆధారం, బరువూ ఎక్కువ. అప్పుడు కూడా ఆ ఒక్క పేరా మాత్రమే ఏఐది అయ్యుండొచ్చు అని ఒక లైను రాస్తాను. చిన్న ముక్కలకి, అంటే రెండు మూడు పేరాలకి, డిటెక్టర్ ఫలితాన్ని అసలు లెక్కలోకి తీసుకోను.

అంకెలే ఎందుకు, "బహుశా" అంటే చాలదా అని మీరు అడగొచ్చు. షెర్మన్ కెంట్ అని అమెరికా నిఘా విభాగంలో పెద్ద విశ్లేషకుడు ఉండేవాడు. 1951లో యుగోస్లావియా మీద దాడి జరిగే అవకాశం గట్టిగానే ఉందన్న అర్థంలో ఒక మాట వాడి వాళ్ళ బృందం రిపోర్టు ఇచ్చింది. దాని అర్థం ఎంత శాతం అని తర్వాత తన సొంత బృందాన్నే అడిగితే 20 నుంచి 80 దాకా చెప్పారట. అందరూ కలిసి ఒప్పుకుని రాసిన మాటకే అంత తేడా ఉంటే, నా "బహుశా"ని చదివేవాళ్ళు ఎలా తీసుకుంటారో నాకేం తెలుసు? మాటా రాస్తాను, పక్కన అంకె కూడా రాస్తాను. 68 అనో 71 అనో మాత్రం రాయను, అంత సన్నని తేడా నా దగ్గర లేదు. "మూడింట రెండు", "పదింట తొమ్మిది" లాంటివి చాలు.

ఇక ఆ అంకెని నేనే ఎంత నమ్మొచ్చు? దీనికి ఒక పరీక్ష చేసుకున్నాను. ఒక స్నేహితుడు 40 వ్యాసాలు కలిపి ఇచ్చాడు. 20 వ్యాసాలు 2022 నవంబరుకి ముందు, అంటే చాట్‌జీపీటీ రాకముందు అచ్చైనవి, 20 అతను ఏఐతో రాయించినవి. ఏవి ఏవో నాకు చెప్పలేదు. ఒక్కోదానికి "మనిషి" లేదా "ఏఐ" అని రాసి, పక్కన ఎంత నమ్మకమో రాశాను. 90 శాతం నమ్మకం అని రాసినవి 15. నా మాటకి విలువ ఉంటే అందులో 13, 14 సరిపోవాలి. 10 సరిపోయాయి. 60 శాతం అని రాసినవి 10, అందులో 6 సరిపోయాయి. అంటే సందేహంలో ఉన్నప్పుడు బాగానే ఉన్నాను, ధీమాగా ఉన్నప్పుడే దెబ్బ తిన్నాను. ఆ తప్పిన అయిదులో నాలుగు పాత పద్ధతిలో నీటుగా రాసిన మనుషుల వ్యాసాలే. 40 చిన్న సంఖ్యే, దీంతో గట్టిగా ఏదీ తేల్చలేం. అయినా నాలో ఆ 90 అనిపించినప్పుడల్లా ఇప్పుడు "మూడింట రెండు, మహా అయితే నాలుగింట మూడు" అని రాస్తున్నాను. ఏఐ మోడళ్ళు మారుతుంటాయి కాబట్టి ఆరు నెలలకోసారి కొత్త వ్యాసాలతో మళ్ళీ చేస్తాను.

ఎడిటర్ ఒక్క ముక్కలో చెప్పమంటున్నది నిర్ణయం కోసం. దాన్ని ముందే విడిగా మాట్లాడుకోండి: అవకాశం ఎంత దాటితే రచయితని డ్రాఫ్టులు అడుగుతారు, ఎంత దాటితే అచ్చు ఆపుతారు. మేం సగం దాటితే డ్రాఫ్టులు అడుగుతాం, మర్యాదగా, ఆరోపణ లేకుండా. డిటెక్టర్ స్కోరు ఒక్కదాని మీదే ఏ వ్యాసాన్నీ ఆపం, అది ఎంతైనా సరే. ఈ గీతలు ఎడిటర్ చేతే గీయించండి. అప్పుడు మీరు "మూడింట రెండు" అని రాస్తే, ఏం చెయ్యాలో ఆయనకి ముందే తెలిసి ఉంటుంది.