ఆఫర్‌కి ఓకే చెప్పి జాయినింగ్ రోజు రాకపోతే, పోయిన డబ్బు ఎంత?

ప్రశ్న: మాది మాదాపూర్‌లో 22 మందితో నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఈ ఏడాది నలుగురు ఆఫర్ లెటర్ మీద సంతకం చేసి జాయినింగ్ రోజు రాలేదు. గత నెల రావాల్సిన అబ్బాయికి 70 వేల ల్యాప్‌టాప్ కొన్నాను, నోటీస్ పీరియడ్ పూర్తిచేయకుండా బయటికి రావడానికి పాత కంపెనీకి కట్టే బైఅవుట్ కోసం అతనికి 80 వేలు ముందే పంపాను. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. కేసు వేయాలా? ఇకపై ఆఫర్‌కి ముందు 50 వేలు డిపాజిట్ తీసుకోవాలా? ఈ నష్టాన్ని ఎలా ఆపాలి?

జవాబు: ముందు ఆ 80 వేల సంగతి చూద్దాం. ఉద్యోగంలో చేరకపోవడం వేరు, చేరతానని తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వకపోవడం వేరు. రెండోదాంట్లో మీ పక్షం గట్టిగా ఉంది. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ వివరాలు, డబ్బు ఎందుకు పంపారో తెలిపే మెయిళ్లు, వాట్సాప్ సంభాషణ, సంతకం చేసిన ఆఫర్ లెటర్ ఒకచోట పెట్టుకోండి. ఫలానా తేదీలోగా తిరిగి పంపమని మర్యాదగా మెయిల్ రాయండి. అప్పటికీ స్పందన లేకపోతే లాయర్ ద్వారా లీగల్ నోటీసు పంపండి. ఇలాంటి బాకీ వసూలుకు దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది. అయినా అంతదాకా ఆగకండి, ఈ వారమే మొదలుపెట్టండి.

చేరనందుకు మాత్రం కేసు వేయమని నేను చెప్పను. మనిషిని పనిలోకి రమ్మని కోర్టు బలవంతపెట్టదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద నష్టపరిహారం అడగవచ్చు కానీ, ఆ నష్టం ఎంతో మీరే రుజువు చేయాలి. ఆఫర్ లెటర్‌లో ‘రాకపోతే 50 వేలు కట్టాలి’ అని రాసుకున్నా, సెక్షన్ 74 ప్రకారం అది గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు అందులో న్యాయంగా తోచినంతే ఇప్పిస్తుంది. ఏళ్ల తరబడి లాయర్ ఫీజు మీకు దండగ.

డిపాజిట్ ఆలోచన పూర్తిగా మానుకోండి. ఉద్యోగం ఇస్తామని ముందు డబ్బు అడిగేది మోసగాళ్లని మన ఊళ్లో ప్రతి తల్లికీ తండ్రికీ తెలుసు. మంచి అభ్యర్థి అక్కడికక్కడే వెనక్కి తగ్గుతాడు.

ఇక అసలు నష్టం. మీరు ల్యాప్‌టాప్‌ను లెక్కలో వేసుకున్నారు గానీ అది మీ బీరువాలోనే ఉంది, తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది. అభ్యర్థి చేరిన తర్వాతే కన్సల్టెన్సీకి ఫీజు ఇచ్చే ఒప్పందమైతే అదీ పోలేదు. పోయింది సమయం. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆ సీటుకు క్లయింట్ నెలకు 1,80,000 ఇస్తాడు, జీతం లక్ష, ఇతర ఖర్చులు 20 వేలు అనుకోండి. అంటే నెలకు మీకు మిగిలేది 60 వేలు. కొత్తవాళ్లను వెతకడానికి 15 రోజులు, వాళ్ల నోటీస్ పీరియడ్ 60 రోజులు, మొత్తం రెండున్నర నెలలు. ఆ లెక్కన 1,50,000 పోయింది. మీ సీనియర్లు ఇంటర్వ్యూల్లో గడిపిన 15 గంటలకు, గంటకు 1,500 చొప్పున మరో 22,500. ఒక్క మనిషి రాకపోతే సుమారు 1,72,000. నలుగురికి దాదాపు 7 లక్షలు. మీ అంకెలు వేసుకుని చూడండి, ఎక్కడ ఖర్చు పెట్టాలో అప్పుడు తెలుస్తుంది.

ఈ నష్టానికి మూలం ఆ 60 రోజుల్లోనే ఉంది. రాజీనామా చేసిన మరుక్షణం ఆ అబ్బాయికి గిరాకీ పెరుగుతుంది. నౌక్రీ సైట్‌లో ‘నోటీస్ పీరియడ్‌లో ఉన్నాను’ అని పెట్టగానే, త్వరగా చేరగలవాళ్లను వెతికే రిక్రూటర్లకు అతను కనిపిస్తాడు. మీ ఆఫర్ లెటర్ చూపించి పాత కంపెనీని జీతం పెంచమంటాడు, ఇంకో చోట బేరం పెడతాడు. మీరు మాత్రం వస్తాడన్న ధీమాతో ఫోన్ కూడా చేయరు.

నా క్లయింట్ ఒకాయన ఆఫీసులో ఒక సోమవారం నేను ఉన్నాను. కొత్త ఐడీ కార్డు, కవర్ తీయని మౌస్, పక్కన చిన్న బొకే బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. పదింటికి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. హెచ్ఆర్ అమ్మాయి పాత మెసేజ్‌లు వెనక్కి జరిపి చూపించింది. ఆరు వారాలుగా అతను ‘రాజీనామా యాక్సెప్టెన్స్ మెయిల్ ఇంకా రాలేదండీ’ అనే అంటున్నాడు. సంకేతం అక్కడే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు.

అందుకే ఆఫర్‌కి ఓకే చెప్పిన ఐదు రోజుల్లో, రాజీనామా అందినట్టు పాత కంపెనీ ఇచ్చిన మెయిల్, అందులో చివరి పనిరోజు కనిపించేలా అడగండి. రాకపోతే ఆ సీటు ఖాళీ అనుకుని వెతకడం మళ్లీ మొదలుపెట్టండి. వారానికోసారి హెచ్ఆర్ కాకుండా, రేపు అతను ఎవరి కింద పనిచేయాలో ఆ టీమ్ లీడ్ ఫోన్ చేసి పని గురించి మాట్లాడాలి. రావాలనుకునేవాడు ప్రశ్నలు అడుగుతాడు. మనసు మారినవాడు పొడిపొడిగా మాట్లాడి, పేపర్లు పంపడం వాయిదా వేస్తాడు. ‘వేరే ఆఫర్ వచ్చిందా? నిజం చెప్పు, కోపం లేదు’ అని సూటిగా అడగండి. ముప్పై రోజుల ముందే తెలిసినా ఒక నెల నష్టం తగ్గినట్టే.

డబ్బు ఇచ్చే తీరు కూడా మార్చాలి. బైఅవుట్ మొత్తాన్ని అతనే కట్టుకోవాలి. పాత కంపెనీ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం చూపించాక మొదటి జీతంతో కలిపి ఇవ్వండి. అది జీతం కిందే లెక్క, టీడీఎస్ కోతపడుతుందని ముందే చెప్పండి, లేకపోతే మొదటి నెలలోనే గొడవ. జాయినింగ్ బోనస్ ఇవ్వాలనుకుంటే సగం మొదటి జీతంతో, సగం ఆరు నెలలకు.

కొందరు ఒకే సీటుకు ఇద్దరికి ఆఫర్ ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఇద్దరూ వస్తే రెండో మనిషి జీతం మీ మీద పడుతుంది. వద్దని పంపేస్తే, ఉన్న ఉద్యోగం మానేసి వచ్చినవాడి ఇల్లు రోడ్డున పడుతుంది. అంతకంటే, రెండో స్థానంలో ఉన్న అభ్యర్థికి ‘నువ్వు మాకు నచ్చావు, ఈ సీటు మాత్రం మరొకరికి ఇచ్చాం, ఖాళీ అయితే ముందు నీకే ఫోన్ చేస్తాం’ అని నిజం చెప్పి ఉంచండి.

దీంతోపాటు కంపెనీ పేరున ఒక లిక్విడ్ మ్యూచువల్ ఫండ్‌లో 3 లక్షలు విడిగా పెట్టుకోండి. మామూలుగా అడిగిన మరుసటి పనిరోజుకే డబ్బు చేతికొస్తుంది. మనిషి రాకపోతే నెలకు 1,45,000కు కాంట్రాక్ట్ మీద ఒకరిని తీసుకోవచ్చు, అప్పుడూ మీకు 35 వేలు మిగులుతాయి. అతను దొరకడానికి రెండు వారాలు పట్టినా, ఆ రెండున్నర నెలల్లో నష్టం 1,50,000 నుంచి సుమారు 80 వేలకు దిగుతుంది. క్లయింట్ మీ చేయి జారిపోడు. క్లయింట్ బిల్లు చెల్లించడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది కాబట్టే రెండు నెలల కాంట్రాక్ట్ ఖర్చు చేతిలో ఉండాలంటున్నాను.

జాయినింగ్ రోజు రాకపోతే ఉదయమే ఫోన్, మధ్యాహ్నం మెయిల్. ‘ఎల్లుండి సాయంత్రంలోగా కారణం చెప్పకపోతే ఆఫర్ రద్దు’ అని రాయండి, ఇదే మాట ఆఫర్ లెటర్‌లోనూ ముందే ఉండాలి. ఆ రెండు రోజులు ఎందుకంటే, నిజంగానే ఇంట్లో ఎవరో ఆసుపత్రిలో పడి ఫోన్ చేయలేని పరిస్థితి కూడా రావచ్చు. గడువు దాటాక అతని పేరు సోషల్ మీడియాలో పెట్టకండి, పరువునష్టం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. ఇప్పుడు ఆ ఖాళీ సీటుకు గత నెల ఇంటర్వ్యూలో రెండో స్థానంలో వచ్చిన అభ్యర్థి ఎవరో ఫైల్ తీసి చూడండి, ఈ సాయంత్రమే ఆ నంబర్‌కి ఫోన్ చేయండి.