రెజ్యూమె ఏ కంపెనీకి వెళ్లాలో పేరు పెట్టి చెప్పండి

ప్రశ్న: మాది అనంతపురం. జేఎన్‌టీయూలో బీటెక్ చేసి, రెండేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. ఒక కన్సల్టెన్సీ వారు ఫోన్ చేసి, రెజ్యూమె ఇస్తే తమకు తెలిసిన కంపెనీలన్నిటికీ పంపుతామన్నారు. రెండు కంపెనీలకు మాత్రమే పంపమని అడగవచ్చా? అలా అంటే నన్ను పక్కన పెట్టేస్తారేమోనని భయంగా ఉంది.

జవాబు: నిస్సంకోచంగా అడగవచ్చు. అయితే ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా మెయిల్‌లో రాసి అడగాలి. ఎందుకో తెలియాలంటే కన్సల్టెన్సీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. మీరు ఉద్యోగంలో చేరితే కంపెనీయే వారికి ఫీజు చెల్లిస్తుంది. అది సాధారణంగా మీ వార్షిక వేతనంలో కొంత శాతంగా ఉంటుంది. ఒక అభ్యర్థిని ఏ ఏజెన్సీ ముందుగా పంపితే ఆ అభ్యర్థి కొంతకాలం పాటు ఆ ఏజెన్సీ ద్వారా వచ్చినట్టే లెక్క అని వారి ఒప్పందాల్లో తరచుగా రాసుకుంటారు. ఆ గడువు చాలాచోట్ల ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఉంటుంది.

మీకు నష్టం జరిగేది ఇక్కడే. మీతో అనంతపురంలో చదువుకున్న స్నేహితురాలు ఒక మంచి కంపెనీలో చేరి, వచ్చే నెలలో అక్కడ ఖాళీ ఉందని మీ పేరు సిఫారసు చేసిందనుకుందాం. ఈ కన్సల్టెన్సీ మీకు చెప్పకుండా అదే కంపెనీకి మీ రెజ్యూమె ఇదివరకే పంపి ఉంటే, మీ ఫోన్ నంబరు, మెయిల్ చిరునామా అక్కడి రికార్డులో కనిపిస్తాయి. అప్పుడు ఆమె సిఫారసు చెల్లకపోవచ్చు. రెండు ఏజెన్సీలు పంపినప్పుడైతే కొన్ని కంపెనీలు ముందు వచ్చినదాన్ని తీసుకుంటాయి, మరికొన్ని ఫీజు తగాదా ఎందుకని అభ్యర్థినే పక్కన పెడతాయి. కారణం మీకెవరూ చెప్పరు. ఫోన్ రాదు, అంతే. ఇక ఆ రెజ్యూమె తిరిగి తిరిగి మీరిప్పుడు పనిచేస్తున్న సంస్థ హెచ్‌ఆర్ చేతిలోనే పడితే వచ్చే ఇబ్బంది వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి రెజ్యూమె జత చేయకముందే ఈ అర్థం వచ్చేలా ఒక మెయిల్ పంపండి: “నా రెజ్యూమెను ఫలానా కంపెనీలోని ఫలానా ఉద్యోగానికి మాత్రమే పంపడానికి అనుమతి ఇస్తున్నాను. ఈ అనుమతి నేటి నుంచి 30 రోజుల వరకు చెల్లుతుంది. మరే కంపెనీకి పంపాలన్నా ముందుగా దాని పేరు తెలిపి, నా నుంచి మెయిల్‌లో అంగీకారం తీసుకోవాలి. నేనిప్పుడు పనిచేస్తున్న సంస్థకు, దాని అనుబంధ సంస్థలకు పంపకూడదు.” రెండు కంపెనీలైతే రెండు పేర్లూ, ఒక్కొక్క ఉద్యోగం పేరూ విడివిడిగా రాయండి. ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో మీరే ఇంతకుముందు దరఖాస్తు చేసి ఉంటే ఆ సంగతి దాచవద్దు. అక్కడ మీ పేరు ఇదివరకే ఉందని తరువాత బయటపడితే, ఏజెన్సీకి ఫీజు రాకపోవచ్చు గనుక, వారు మీ కోసం పట్టుబట్టి అడగడం మానేస్తారు. సరేనని జవాబు వచ్చాకే రెజ్యూమె పంపి, తరువాత ఏ తేదీన కంపెనీకి చేర్చారో అడిగి రాసి పెట్టుకోండి.

కంపెనీ పేరు చెప్పడం కుదరదని వారు అనవచ్చు. అందులో కొంత న్యాయం ఉంది: పేరు తెలియగానే అభ్యర్థి నేరుగా దరఖాస్తు చేసుకుంటాడేమోనని వారి భయం. ఆ ఉద్యోగానికి మీ ద్వారానే వస్తానని మాటిచ్చి, పంపే ముందైనా పేరు చెప్పమనండి. అప్పటికీ చెప్పకపోతే ఇవ్వవద్దు. చేతిలో నిజంగా ఖాళీ ఉన్న రిక్రూటర్ మీ షరతుకు చిన్నబుచ్చుకోరు, ఎందుకంటే వారికి కావలసిందీ ఆ ఒక్క కంపెనీకి మీ స్పష్టమైన అంగీకారమే. అన్ని కంపెనీలకూ పంపుతామనేవారి దగ్గర చాలాసార్లు ఏ కంపెనీ అప్పగించిన ఖాళీ ఉండదు. వారు రెజ్యూమెలు పోగు చేసుకుంటూ ఉంటారు. అలాంటివారు మిమ్మల్ని వదిలేసినా మీకు పోయేదేమీ లేదు.

ఈ మెయిల్‌కూ హద్దులున్నాయి. జాబ్ పోర్టల్‌లో మీ రెజ్యూమె అందరికీ కనిపించేలా ఉంటే ఎవరైనా దించుకోగలరు, కనుక అక్కడి సెట్టింగ్‌లు కూడా సరిచూసుకోండి. అనుమతి వెనక్కి తీసుకుంటున్నానని తరువాత రాసినా, అప్పటికే కంపెనీ రికార్డులో చేరిన పేరు గడువు తీరేదాకా అలాగే ఉండవచ్చు. మీరు పేరు చెప్పని కంపెనీ నుంచి దరఖాస్తు అందిందని మెయిల్ వస్తే మాట తప్పారని గ్రహించి, మీ అనుమతి మెయిల్‌ను జతచేసి ఆ కంపెనీ హెచ్‌ఆర్‌కు వెంటనే రాయండి. ఆ ఏజెన్సీకి మీ అనుమతి లేదని రాతలో ఉంటే, తరువాత మరో దారిలో వెళ్లినప్పుడు మీ వైపు నుంచి చూపడానికి ఒక ఆధారం ఉంటుంది.