యాంప్లిఫయర్‌ను కేబుల్‌కు పైన పెట్టాలా, కింద పెట్టాలా?

ప్రశ్న: సార్, నేను హనుమకొండలో ఈసీఈ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఆర్‌ఎఫ్ ఇంజినీరు ఇంటర్వ్యూలో 200 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌కు థర్మల్ నాయిస్ మైనస్ 121 డీబీఎమ్ అని సరిగానే చెప్పాను. మైనస్ 100 డీబీఎమ్ సిగ్నల్ వస్తే రిసీవర్ అవుట్‌పుట్‌లో ఎస్‌ఎన్‌ఆర్ ఎంత అంటే 21 డీబీ అన్నాను, తప్పన్నారు. ఎక్కడ పొరబడ్డాను? ఈ ఉద్యోగాలకు ఏం చదవాలి?

జవాబు: మీ 21 డీబీ యాంటెన్నా దగ్గర నిజమే, కానీ వారు అడిగింది అవుట్‌పుట్ దగ్గరి సంగతి. మధ్యలో ఉన్న కేబుల్, యాంప్లిఫయర్, మిక్సర్ తమ వంతు నాయిస్‌ను కలుపుతాయి కనుక సిగ్నల్‌కు, నాయిస్‌కు ఉన్న నిష్పత్తి, అంటే ఎస్‌ఎన్‌ఆర్, అక్కడికి చేరేసరికి తగ్గి తీరుతుంది. ఆ తగ్గుదలనే నాయిస్ ఫిగర్ అంటారు, దాని విలువ ఇవ్వకపోతే అడిగి తెలుసుకోవలసిన బాధ్యత అభ్యర్థిదే.

మొదటి మెట్టు మీకు తెలిసిందే. వాహకంలోని ఎలక్ట్రాన్లు వేడి వల్ల నిరంతరం కదలడంతో పుట్టే ఈ నాయిస్‌ను 1928లో జాన్సన్ కొలిచి చూపగా, నైక్విస్ట్ దానికి సిద్ధాంతం ఇచ్చాడు. ఉష్ణోగ్రతను 290 కెల్విన్‌గా తీసుకుంటే

kTB = 1.38 × 10⁻²³ × 290 × 200000 ≈ 8 × 10⁻¹⁶ W

అంటే మైనస్ 121 డీబీఎమ్. మన ఓరుగల్లు ఎండల్లో 45 డిగ్రీలు, అంటే 318 కెల్విన్, తీసుకున్నా ఈ విలువ 0.4 డీబీ మాత్రమే పెరుగుతుంది. అసలు నష్టం ఉష్ణోగ్రతలో కాదు, పరికరాల అమరికలో ఉంది.

ఒక ఉదాహరణ చూడండి. మేడ మీద యాంటెన్నా, కింది గదిలో 6 డీబీ నాయిస్ ఫిగర్ ఉన్న రిసీవర్, మధ్యలో 3 డీబీ నష్టం గల కేబుల్ ఉన్నాయనుకుందాం. కేబుల్ తన నష్టమెంతో అంత నాయిస్ ఫిగర్ గల భాగంగానే ప్రవర్తిస్తుంది. డీబీలను మామూలు నిష్పత్తుల్లోకి మార్చితే కేబుల్‌కు 2, రిసీవర్‌కు 4 వస్తాయి. కేబుల్ గెయిన్ 0.5. వరుసగా ఉన్న భాగాల నాయిస్‌ను కలిపి లెక్కించే ఫ్రీస్ సూత్రం ప్రకారం మొత్తం నాయిస్ నిష్పత్తి F = 2 + (4 − 1)/0.5 = 8, అంటే 9 డీబీ. అప్పుడు మీ 21 డీబీ కాస్తా 12 డీబీ అవుతుంది.

ఇప్పుడు 20 డీబీ గెయిన్, 1 డీబీ నాయిస్ ఫిగర్ ఉన్న లో నాయిస్ యాంప్లిఫయర్‌ను తెచ్చి రిసీవర్ పక్కన, కేబుల్ తరువాత పెట్టామనుకోండి. నిష్పత్తుల్లో దాని నాయిస్ 1.26, గెయిన్ 100 కనుక F = 2 × (1.26 + 3/100) = 2.58, అంటే 4.1 డీబీ. ఎస్‌ఎన్‌ఆర్ 16.9 డీబీకి పెరిగింది. అదే యాంప్లిఫయర్‌ను మేడ మీద, యాంటెన్నా పక్కన పెడితే F = 1.26 + (8 − 1)/100 = 1.33, అంటే 1.2 డీబీ, ఎస్‌ఎన్‌ఆర్ 19.8 డీబీ. పరికరం ఒకటే, ఖర్చు దాదాపు ఒకటే, కానీ చోటు మారినందుకే దాదాపు 3 డీబీ లాభం వచ్చింది. కేబుల్‌లో సిగ్నల్ తగ్గినా నాయిస్ కింది హద్దు తగ్గదు. ముందే పెంచిన సిగ్నల్‌కు మాత్రం ఆ నష్టం పెద్దగా తగలదు. ఇంటర్వ్యూ చేసేవారు మీ నుంచి ఈ కారణం వినాలనుకుంటారు, సూత్రం పుస్తకంలోనూ దొరుకుతుంది.

అయితే పైన పెట్టడం అన్నిచోట్లా మేలు కాదు. దగ్గరలో బలమైన ట్రాన్స్‌మిటర్ ఉంటే యాంప్లిఫయర్ దాని సిగ్నల్‌తోనే నిండిపోయి వక్రీకరణ పుట్టిస్తుంది. మోటార్లు, నాసిరకం ఎల్ఈడీ దీపాలు పుట్టించే బయటి నాయిస్ ఎక్కువైనచోట, ముఖ్యంగా తక్కువ పౌనఃపున్యాల వద్ద, నాయిస్ ఫిగర్ తగ్గించినా ఎస్‌ఎన్‌ఆర్ మారదు. ఇది తెలుసుకోవడానికి యాంటెన్నాను తీసి, దాని స్థానంలో 50 ఓమ్‌ల టెర్మినేషన్ పెట్టి చూడాలి. నాయిస్ బాగా పడిపోతే అది బయటినుంచి వస్తున్నట్టు. పడకపోతే రిసీవర్‌దే. బ్యాండ్‌విడ్త్‌ను పదింతలు చేసినప్పుడు సరిగ్గా 10 డీబీ పెరిగిందా అన్నది మరో పరీక్ష. పెరగకపోతే అది థర్మల్ నాయిస్ కాదు, ఏదో ఒక పౌనఃపున్యం వద్ద చొరబడిన సిగ్నల్ అయి ఉండవచ్చు.

చదువు విషయానికొస్తే, మీ కాలేజీ ల్యాబ్‌లో స్పెక్ట్రమ్ ఎనలైజర్ ఉంటే ఈ రెండు పరీక్షలనూ చేసి, ఫలితాలను నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. హైదరాబాద్‌లోని డీఎల్‌ఆర్‌ఎల్, ఈసీఐఎల్ వంటి సంస్థల వైపు చూస్తుంటే పై లెక్కను మిక్సర్, ఐఎఫ్ దశల వరకు కొనసాగించడం నేర్చుకోండి. షాద్‌నగర్‌లోని ఎన్ఆర్‌ఎస్‌సీ కేంద్రంలా ఉపగ్రహాల నుంచి డేటా అందుకునే చోట యాంటెన్నా చల్లని ఆకాశం వైపు చూస్తుంది, కాబట్టి 290 కెల్విన్ అనే ఊహ అక్కడ నిలవదు. అందుకే నాయిస్ ఫిగర్‌కు బదులు నాయిస్ ఉష్ణోగ్రతతో లెక్కిస్తారు. మన 1 డీబీ యాంప్లిఫయర్‌కు అది 290 × 0.26, అంటే సుమారు 75 కెల్విన్. దీనికి యాంటెన్నా ఉష్ణోగ్రతను కలిపి పై లెక్కను మళ్లీ వేసి చూడండి.